నలభై నాలుగు స్లైడ్ల నుంచి ముగ్గురు మనుషులు

1950లో అమెరికా వైమానిక దళం నాలుగు వేల పైచిలుకు పైలట్ల ఒంటి కొలతలు తీయించింది. కాక్‌పిట్‌ను సగటు పైలట్‌కు సరిపోయేలా కట్టాలన్నది అప్పటి ఆలోచన. ఆ పనిలో ఉన్న గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ అధికారికి ఒక అనుమానం వచ్చింది. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు వంటి పది కొలతలు ఎంచుకుని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టాడు. 4,063 మందిలో ఒక్కరూ తేలలేదు. సగటు మనిషి కోసం కట్టిన సీటులో కూర్చోవడానికి అసలా మనిషే లేడు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకూ ఇదే చిక్కు ఉంది. ‘మా వినియోగదారుడు’ అని అందరూ అంటుంటారు. ఆ మాట వెనక ఒక్కొక్కరి ఊహలో ఒక్కో మనిషి ఉంటాడు. ప్రోగ్రామర్ అలన్ కూపర్ 1990లలో దీనికొక ఉపాయం వాడి, 1999 నాటి తన పుస్తకంలో వివరించాడు. నిజమైన వాడుకరులతో మాట్లాడి, వాళ్ల పనితీరులో కనబడిన పోలికలను బట్టి ఒక కల్పిత వ్యక్తిని తయారుచేస్తారు. ఆ వ్యక్తికి పేరుంటుంది, నెరవేర్చుకోవలసిన పని ఉంటుంది, ఆ పనికి అడ్డుపడే ఇబ్బందులు ఉంటాయి. ఆ వ్యక్తినే పర్సోనా అంటారు. ఆ ఇబ్బందులకు ఆఫీసుల్లో వాడే పేరు పెయిన్ పాయింట్లు.

ఇప్పుడు చాలా కంపెనీల్లో పరిశోధన బృందం పదిహేను ఇరవై మందిని కలిసి వచ్చి, చూసిందీ విన్నదీ ఒక స్లైడ్ల కట్టగా పెడుతుంది. దాన్నే డెక్ అంటారు. డిజైనర్‌కూ ఇంజనీర్‌కూ మేనేజర్‌కూ అంత చదివే తీరిక ఉండదు. ‘వీళ్లెవరు, ఒక్కొక్కరికి ముఖ్యమైన ఇబ్బందులేమిటి, ఒక్క పేజీలో చెప్పండి’ అంటారు. ఆ ఒక్క పేజీ చూడటానికి చిన్న పని. అందులో జరిగే పొరపాటు మాత్రం ఆ తర్వాత కట్టే ప్రతి తెరలోకీ పాకుతుంది.

మన ఉదాహరణ

పని ఎలా సాగుతుందో చూడటానికి ఒక ఊహా డెక్ తీసుకుందాం. ఒక మధ్యతరహా పట్టణంలో యూపీఐ ద్వారా డబ్బు తీసుకునే చిన్న వ్యాపారులు 18 మందితో మాట్లాడారు. కొందరి దుకాణం దగ్గర గంటా రెండు గంటలు నిలబడి గమనించారు కూడా. 44 స్లైడ్లు తయారయ్యాయి. తొమ్మిదో స్లైడులో వ్యాపారులను వయసును బట్టి మూడు గుంపులు చేశారు. పదిహేడో స్లైడులో నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి టిఫిన్ తిని వెళ్లిపోయినవాడి కథ, పెద్ద అక్షరాల్లో. ఇరవైమూడో స్లైడులో ఒక వృత్తం గీసి, ‘72 శాతం మంది సౌండ్‌బాక్స్ ఇంకా గట్టిగా పలకాలంటున్నారు’ అని రాశారు.

చేయి తిరగనివాడు ఈ మూడు స్లైడ్లే ఎత్తి పేజీ రాసేస్తాడు. కుర్ర వ్యాపారి, నడివయసు వ్యాపారి, పెద్దాయన అని ముగ్గురు పర్సోనాలు తయారవుతారు. ముగ్గురికీ నకిలీ స్క్రీన్‌షాట్లు, చాలని శబ్దం అని అవే రెండు ఇబ్బందులు అంటగడతాడు. చదవడానికి సాఫీగానే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఏం కట్టాలో మాత్రం ఎవరికీ తెలియదు.

డెక్ అనేదే ఒక సారాంశం. పరిశోధకుడు ఒకసారి వడపోసి ఇచ్చినదాన్ని మనం మళ్లీ వడపోస్తున్నాం. అందుకే అనుభవమున్నవాళ్లు స్లైడ్లతో పాటు ఇంటర్వ్యూల పూర్తి పాఠం, గమనించినప్పటి నోట్సు కూడా అడిగి తెచ్చుకుంటారు. మన 72 శాతం సంగతే చూడండి. 18 మందిలో 13 మంది అన్నమాట. ఇంత చిన్న గుంపులో నలుగురు మాట మార్చుకుంటే 72 కాస్తా 50 అవుతుంది. ఇక ఇంటర్వ్యూ పాఠం తెరిస్తే, అడిగిన ప్రశ్న ‘శబ్దం ఇంకా పెద్దగా ఉంటే బాగుంటుందా?’ అని ఉంది. అలా అడిగితే కాదనేవాళ్లెవరు? తనంతట తాను శబ్దం ఊసెత్తినవాళ్లు ఇద్దరే. వృత్తం గీసిన స్లైడు ఆ ఒక్క చూపుతో పేజీలోంచి జారిపోయింది.

ముందు వాక్యాలను వేరుచేయడం

మొదటి పని డెక్‌లోనూ నోట్సులోనూ ఉన్న ప్రతి వాక్యాన్నీ ఒక్కో చీటీ మీదికి ఎక్కించడం. ప్రతి చీటీ మూలన ఆ మాట ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అంకె వేస్తారు. పేర్లు వాడరు. మొదటి మనిషి నుంచి పద్దెనిమిదో మనిషి దాకా 1, 2, 3 అంతే. తర్వాత ఒక్కో చీటీ ఏ జాతిదో చూస్తారు. మనిషి చేస్తుండగా చూసింది ఒక రకం. మనిషి చెప్పింది ఒక రకం. మనిషి కోరుకున్నది ఒక రకం. పరిశోధకుడు తనంతట తాను తీసిన అర్థం నాలుగో రకం.

ఈ నాలుగింటికీ ఒకే బరువు ఉండదు. ‘రాత్రి లెక్క చూసుకుంటాను’ అని 11వ వ్యక్తి చెప్పాడు. అది చెప్పింది. గమనించడానికి వెళ్లిన రోజు అతను ఫోనులోని జాబితాను పైకీ కిందికీ జరిపి, ‘సరిపోయినట్టే ఉంది’ అని కట్టేశాడు. అది చూసింది. రెండూ నిజమే. ఇబ్బంది దొరికేది ఆ రెంటి మధ్య ఉన్న ఎడంలో. ఇక ‘వ్యాపారులకు డిజిటల్ అవగాహన తక్కువ’ అనే వాక్యం నాలుగో రకం. దాని కింద ఏ అంకెలూ లేకపోతే చీటీ పక్కన పెట్టేయాలి.

కోరికల చీటీలతో మరింత జాగ్రత్త కావాలి. ‘మాకు సౌండ్‌బాక్స్ లేదు’ అన్నది ఇబ్బందిలా వినిపిస్తుంది గానీ, అది ఇబ్బంది వేషం వేసుకున్న పరిష్కారం. ఆ పెట్టె ఉంటే ఏం జరుగుతుంది, లేకపోతే ఏం ఆగిపోతోంది అని అడిగితే అసలు సంగతి కిందినుంచి వస్తుంది. ఒకరి విషయంలో అది, పిండి చేతులతో ఫోను తీయలేకపోవడం. ఇంకొకరి విషయంలో, ఫోను యజమాని జేబులో ఊరవతల ఉండటం. కోరిక ఒకటే, ఇబ్బందులు రెండు.

గుంపు కట్టేది నడతను బట్టి

చీటీలను దగ్గరదగ్గర చేర్చే పనికి జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవకిటా పేరు మీద ఒక పద్ధతి ఉంది. నేపాల్‌లో క్షేత్రపర్యటనలు చేసిన ఆయన, కుప్పలుగా పోగుపడే నోట్సులో క్రమం కనిపెట్టడానికి దాన్ని రూపొందించాడు. ఆయన ఇంటిపేరు, అసలు పేరులోని మొదటి అక్షరాలు కలిపి కేజే పద్ధతి అంటారు. అందులో ప్రధానమైన కట్టుబాటు ఒకటే: ముందు చీటీలు చేరాలి, పేరు తర్వాత పెట్టాలి. శీర్షికలు ముందే రాసిపెట్టుకుంటే చీటీలు వాటికింద ఎలాగోలా ఇరుక్కుంటాయి. అప్పుడు మనకు ముందే తెలుసనుకున్నది తప్ప కొత్తది ఏదీ బయటపడదు. వయసును బట్టి చేసిన తొమ్మిదో స్లైడు సరిగ్గా అలాంటిదే.

మనుషులను గుంపు చేయడానికి నడతను చెప్పే గీతలు వాడతారు. కాగితం మీద ఒక అడ్డగీత గీసి, రెండు కొసలకూ రెండు ఎదురుబొదురు అలవాట్లు రాస్తారు. 18 మందినీ వాళ్ల నడతను బట్టి ఆ గీత మీద ఎక్కడో ఒకచోట పెడతారు. మన ఉదాహరణలో గీతలు ఇలా వచ్చాయి. డబ్బు కబురు వచ్చే ఫోను దుకాణంలోనే ఉంటుందా, బయట తిరుగుతుందా? డబ్బు వచ్చిందని చెవితో తెలుసుకుంటారా, కంటితోనా? ఒక్కసారే పదిమంది మీదపడతారా, ఒక్కొక్కరే వస్తారా? అప్పు ఖాతా ఉందా, లేదా? సరుకు కొనడానికి నగదు ఇస్తారా, ఫోనులోంచే పంపుతారా? ఖాతా ఎవరి పేరు మీద ఉంది?

ఒక గీత మీద ఇద్దరు పక్కపక్కన పడితే అది యాదృచ్ఛికం కావచ్చు. ఆరేడు గీతల మీద అదే మనుషులు కలిసికట్టుగా కనబడితే దాన్ని ఒక నమూనాగా తీసుకోవచ్చని కూపర్ బాటలో పనిచేసేవాళ్లు చెబుతారు. ఇంకొక షరతు కూడా ఉంది. ఆ నడతలు ఎందుకు కలిసి వస్తున్నాయో కారణం చెప్పగలగాలి. కారణం దొరకని కలయికను పర్సోనా చేయకూడదు.

మన 18 మందిలో మూడు గుంపులు తేలాయి. ఆరుగురు టిఫిన్ బండ్లు, టీ దుకాణాల వాళ్లు. పొద్దున రెండు గంటలే వాళ్ల అసలు వ్యాపారం. ఆ రెండు గంటలూ చేతులు ఖాళీ ఉండవు. ఏడుగురు కిరాణావాళ్లు. యజమాని సరుకుకి వెళితే భార్యో, పనికుర్రాడో కౌంటర్‌లో ఉంటారు. సగం అమ్మకం అప్పు పుస్తకం మీదే నడుస్తుంది. ముగ్గురు కూరగాయల తోపుడుబండ్ల వాళ్లు. తెల్లవారుజామున మార్కెట్లో నగదుకే కొంటారు, పగలంతా ఫోనులోకి అమ్ముకుంటారు. మందుల షాపు యజమాని ఒకరు, సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు ఒకరు ఎటూ చేరలేదు. వాళ్లను బలవంతంగా ఏ గుంపులోకీ తోయకుండా ‘ఎటూ చేరనివారు’ అని పేజీ అడుగున ఒక వాక్యం రాస్తారు.

వయసు సంగతి ఏమైంది? టిఫిన్ గుంపులో 24 ఏళ్ల కుర్రాడూ ఉన్నాడు, 58 ఏళ్ల ఆవిడా ఉంది. ఇద్దరి ఇబ్బందీ ఒకటే. వయసును బట్టి చేసిన విభజన వాళ్లిద్దరినీ చెరోవైపు విసిరేసింది.

ఇబ్బందిని రాసే తీరు

గుంపు తేలాక ఆ గుంపులో ఏ ఇబ్బంది ముందో, ఏది వెనకో నిర్ణయించాలి. దానికి ముందు ఇబ్బందిని పూర్తి వాక్యంగా రాయాలి. ఏ సందర్భంలో, ఏం చేయబోతుంటే, ఏది అడ్డుపడుతోంది, ప్రస్తుతం ఎలా నెట్టుకొస్తున్నారు, దాని ఖరీదు ఎంత అన్న ఐదూ ఆ వాక్యంలో ఉండాలి. ‘చెల్లింపు నిర్ధారణ సమస్యలు’ అని రాస్తే అందులో ఒక్కటీ లేదు.

టిఫిన్ గుంపు చీటీలు ఒకచోట పెడితే రెండు విషయాలు పక్కపక్కన కనబడ్డాయి. ఒకటి, డబ్బు వచ్చిందా రాలేదా అని తెలియకపోవడం. రెండోది, వచ్చిన డబ్బు ఎవరిదో తెలియకపోవడం. ఇద్దరు చెరో ప్లేటు ఇడ్లీ తిని చెరో నలభై రూపాయలు పంపారు. పెట్టె ఒక్కసారే ‘నలభై రూపాయలు’ అని పలికింది. ఇప్పుడు ఎవరిది వచ్చింది, ఎవరిది రావాలి? సౌండ్‌బాక్స్ సాధారణంగా మొత్తాన్నే చెబుతుంది, ఇచ్చినవాడి పేరు చెప్పదు. డెక్ ఈ రెంటినీ కలిపి ఒకే శీర్షిక కింద పెట్టింది. అది తప్పు. మొదటిదానికి పెట్టె మందు, రెండోదానికి పెట్టె పనికిరాదు. మందు వేరయినప్పుడు జబ్బును కలిపి రాయకూడదు.

మరి పదిహేడో స్లైడులోని నకిలీ స్క్రీన్‌షాట్ కథ? ఆరుగురిలో ఇద్దరికి, ఒక్కొక్కసారి జరిగింది. ఆ నలభై రూపాయల తికమక ఐదుగురికి రోజూ జరుగుతోంది. కథగా మొదటిది గట్టిది. అందుకే స్లైడు ఎక్కింది. వరుస తేల్చేటప్పుడు మాత్రం గుంపులో ఎందరికి, రోజుకెన్నిసార్లు, ఎంత నష్టం, తప్పించుకునే దారి ఉందా అని నాలుగు ప్రశ్నలు వేస్తారు. కొందరు వీటికి మార్కులు వేసి గుణించి ఒక అంకె తేలుస్తారు. ఆరుగురి మీద అలాంటి లెక్క కట్టడం లేని కచ్చితత్వాన్ని నటించడమే. వరుస రాసి, పక్కన ఆధారం రాస్తే చాలు. ఇక్కడ ఎవరి డబ్బు అన్న తికమక మొదటిది, వచ్చిందా లేదా అన్నది రెండోది. మోసం రెండోదానిలోనే ఒక భాగం.

కిరాణా గుంపుకు మొదటి ఇబ్బంది వేరే చోట ఉంది. అప్పు పుస్తకంలో ‘పాలవాళ్ల కోడలు, 350’ అని ఉంటుంది. ఫోనులో బ్యాంకు ఖాతా మీదున్న పేరు వస్తుంది. అది ఆవిడ భర్త పేరో, మామ పేరో కావచ్చు. రాత్రి రెంటినీ జతపరచలేక, ‘కట్టాను కదా’ అంటే నమ్మి కొట్టివేస్తున్నారు. ఏడుగురిలో ఆరుగురు ఈ మాట చెప్పారు, నలుగురి దగ్గర కళ్లారా చూశారు. రెండోది, యజమాని బయటున్నప్పుడు కౌంటర్‌లో ఉన్న మనిషి డబ్బు వచ్చిందో లేదో ఫోను చేసి కనుక్కోవలసి రావడం.

తోపుడుబండి గుంపుకు డబ్బు రావడంలో ఇబ్బందే లేదు. వచ్చిన డబ్బు తెల్లవారుజామున చేతిలో ఉండకపోవడమే కష్టం. మార్కెట్లో సరుకు నగదుకే దొరుకుతుంది. ముగ్గురిలో ఇద్దరి క్యూఆర్ కోడ్ కొడుకు ఖాతాకు ముడిపడి ఉంది. కొడుకు వేరే ఊళ్లో ఉంటాడు. దాంతో కొనేవాళ్లను ‘చిల్లర ఉంటే ఇవ్వండమ్మా’ అని అడుగుతున్నారు. కోడ్‌ను బండి మీద కనబడీ కనబడకుండా పెడుతున్నారు. కంపెనీ లెక్కల్లో ‘వాడకం తగ్గిన వ్యాపారి’గా కనిపించే మనిషి వెనక ఉన్న కారణం ఇది.

ఇక బ్యాంకు సర్వర్ పనిచేయకపోవడం గురించి 18 మందీ చెప్పారు. దాన్ని ముగ్గురి కిందా మూడుసార్లు రాయనక్కర్లేదు. ‘అందరికీ’ అని వేరే గీత గీసి ఒక్కసారి రాస్తారు. లేకపోతే పర్సోనాల మధ్య తేడా మసకబారుతుంది.

పేజీ మీద పర్సోనా

ఇంత పని తర్వాత ఒక్కొక్కరికి పేజీలో దక్కేది పది వాక్యాల లోపే. మొదటి గుంపుది ఇలా ఉంటుంది:

> రమణమ్మ, టిఫిన్ బండి. ఆధారం: 2, 5, 6, 9, 14, 17.
> కావలసింది: పొద్దున రద్దీలో పెనం దగ్గర నుంచి కదలకుండా ప్రతి ప్లేటుకూ డబ్బు ముట్టడం.
> నడత: చెవితోనే తెలుసుకుంటుంది; ఫోను డబ్బాలో ఉంటుంది; లెక్క వ్యాపారం అయ్యాకే.
> ఇబ్బంది 1: ఒకే మొత్తం ఇద్దరు పంపితే ఎవరిది వచ్చిందో తేల్చలేదు, ఇద్దరి ఫోన్లూ చూడాల్సి వచ్చి పెనం మీదిది మాడుతుంది. ఐదుగురు, మూడుచోట్ల చూశాం.
> ఇబ్బంది 2: రద్దీలో పిండి చేతులతో ఫోను తీయలేకపోతే డబ్బు వచ్చిందో లేదో తెలియదు, కొనేవాడి ఫోనులో కనబడినదాన్నే నమ్ముతుంది. నలుగురు, ఇద్దరు ఒక్కోసారి మోసపోయారు.

ఇందులో రమణమ్మకు ఎందరు పిల్లలో, ఏ సీరియల్ చూస్తుందో లేదు. చాలా పర్సోనా పేజీల్లో అలాంటివి నిండా ఉంటాయి, పక్కనే నవ్వుతున్న ఫొటో కూడా. వాటి చేటు ఏమిటో 1983లో ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ చేసిన ప్రయోగం చెబుతుంది. లిండా అనే కల్పిత యువతిని వర్ణించి, ఆమె బ్యాంకు ఉద్యోగిని అయివుండే అవకాశం ఎక్కువా, స్త్రీవాద ఉద్యమంలో పనిచేసే బ్యాంకు ఉద్యోగిని అయివుండే అవకాశం ఎక్కువా అని అడిగారు. ఎక్కువమంది రెండోదే అన్నారు. అది అసాధ్యం. రెండో రకం వాళ్లంతా మొదటి రకంలోనే ఉంటారు కదా. వివరం చేర్చేకొద్దీ చిత్రం నమ్మబలుకుతుంది, దానికి సరిపోయే మనుషుల సంఖ్య మాత్రం తగ్గుతుంది. కాబట్టి ఏ వివరమైనా ఒక నిర్ణయాన్ని మార్చగలిగితేనే పేజీలో ఉండాలి. పెనం దగ్గర నుంచి కదలలేకపోవడం నిర్ణయాన్ని మారుస్తుంది, సీరియల్ మార్చదు.

పేజీని పరీక్షించడం

రాసినది నిలబడుతుందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది మార్పిడి పరీక్ష. ఇద్దరు పర్సోనాల కింద రాసిన ఇబ్బందులను తారుమారు చేసి, ఇంటర్వ్యూలకు వెళ్లిన మనిషికి ఇవ్వండి. తేడా పట్టుకోలేకపోతే ఆ ఇద్దరూ ఒకరే, కలిపేయాలి. వయసు గుంపులతో రాసిన పేజీ ఈ పరీక్షలో వెంటనే పడిపోతుంది. రెండోది వెనక్కి నడిచే పరీక్ష. పేజీలో ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి, ఆ పర్సోనా కింద ఉన్న అంకెలు పట్టుకుని చీటీ దాకా, అక్కడినుంచి ఇంటర్వ్యూ పాఠంలోని మాట దాకా వెళ్లగలగాలి. దారి మధ్యలో తెగితే ఆ వాక్యం రాసినవాడి ఊహ.

రెండూ నెగ్గినా పేజీకి ఒక హద్దు ఉంది. 2006లో క్రిస్టఫర్ చాప్‌మన్, రస్సెల్ మిల్‌హమ్ అనే పరిశోధకులు పర్సోనాల మీద ఒక గట్టి విమర్శ రాశారు. ఒక పర్సోనా నిజంగా ఎంతమంది వాడుకరులకు ప్రతినిధో చెప్పే దారి లేదనీ, కనుక అది తప్పని నిరూపించడమూ కష్టమనీ వాళ్ల వాదన. అది కొట్టిపారేయదగ్గది కాదు. 18 మందితో మాట్లాడితే ఏయే రకాల నడతలు ఉన్నాయో తెలుస్తుంది. ఊళ్లో ఏ రకం ఎంతమందో తెలియదు. ఆరుగురు రమణమ్మలు, ముగ్గురు తోపుడుబండ్ల వాళ్లు కనబడ్డారంటే ఊళ్లోనూ ఇద్దరు రమణమ్మలకు ఒక తోపుడుబండి ఉందని అర్థం కాదు. పరిశోధకుడు ఎవరిని కలిశాడన్నదే ఆ అంకె చెప్పేది. ఎంతమంది అన్నది తేలాలంటే, ఈ నడతలనే ప్రశ్నలుగా మార్చి కొన్ని వందల మందితో సర్వే చేయాలి.

కలవనివాళ్ల సంగతీ పేజీలో ఉండాలి. మన డెక్‌లోని 18 మందీ యూపీఐ తీసుకునేవాళ్లే. ఒకప్పుడు కోడ్ పెట్టి తర్వాత పీకేసినవాళ్లు ఒక్కరూ లేరు. అందరికంటే పెద్ద ఇబ్బంది పడింది బహుశా వాళ్లే. వాళ్ల మాట లేకుండా రాసిన ముఖ్యమైన ఇబ్బందుల జాబితా, ఓర్చుకుని మిగిలినవాళ్ల జాబితా మాత్రమే.

మీ చేతికి ఇలాంటి పేజీ ఎప్పుడైనా వస్తే ఫొటోలూ పేర్లూ పక్కనబెట్టి మూడు సంగతులు వెతకండి: ప్రతి పర్సోనాకూ ఆధారమైన మనుషుల అంకెలు ఉన్నాయా, ఒకరి ఇబ్బంది ఇంకొకరికి అతకకుండా ఉందా, ఎవరిని కలవలేదో రాశారా. మూడూ ఉంటే దాన్ని నమ్మి పని మొదలుపెట్టవచ్చు. ఏ ఒక్కటి లేకపోయినా పేజీ వెనక్కిచ్చి ఇంటర్వ్యూ పాఠాలు అడగండి.